ఇంటర్నెట్ సెంటర్‌లో లాన్ నైట్: సర్వర్ నలుగురికే కనిపిస్తోంది

ప్రశ్న: శనివారం రాత్రి మా ఏరియా ఇంటర్నెట్ సెంటర్‌లో పది మందిమి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడదామనుకుంటున్నాం. స్విచ్ ఏది తీసుకోవాలి, ఐపీలు ఎలా పెట్టాలి? ట్రయల్ వేస్తే సర్వర్ నలుగురికే కనిపించింది, మిగతా వాళ్లకి లిస్ట్ ఖాళీ.

జవాబు: స్విచ్ గురించి టెన్షన్ వద్దు బ్రో, ఈ గేమ్‌కి 100 ఎంబీపీఎస్ 16 పోర్ట్ మామూలు స్విచ్ చాలు, గిగాబిట్ ఉంటే గేమ్ ఫోల్డర్ అన్ని సిస్టమ్స్‌లోకి కాపీ కొట్టేటప్పుడు టైమ్ కలిసొస్తుంది అంతే.

ఐపీలకి ముందు రౌటర్‌లో డీహెచ్‌సీపీ రేంజ్ చూడండి. అది 100 నుంచి 199 దాకా ఉందనుకోండి, మీరు 192.168.1.11 నుంచి 20 వరకు వరసగా ఇచ్చేయండి, గేమ్ సర్వర్ నడిపే హోస్ట్ సిస్టమ్‌కి 11 పెట్టండి, మాస్క్ అందరికీ 255.255.255.0. నెట్ అక్కర్లేదు కదా అని గేట్‌వే ఖాళీగా వదలొద్దు, రౌటర్ ఆన్‌లోనే ఉంచి 192.168.1.1 ఇవ్వండి. గేట్‌వే లేకపోతే విండోస్ దాన్ని Unidentified network అనేసి పబ్లిక్‌లో పడేస్తుంది, ఫైర్‌వాల్ బిగుసుకుంటుంది. ఇంకోటి, చాలా సెంటర్లలో రీస్టార్ట్ చేస్తే సిస్టమ్ పాత స్థితికి వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఓనర్‌ని అడిగి అది ఆపించకపోతే పెట్టిన ఐపీలన్నీ గాల్లో కలిసిపోతాయి.

ఇక అసలు గొడవ. నలుగురికి కనిపించిందంటే హోస్ట్ సిస్టమ్ దాదాపు బాగున్నట్టే, కనిపించని వాళ్ల దగ్గరే వెతకాలి. అక్కడ కూర్చుని ఇది కొట్టండి:

```
ping 192.168.1.11
arp -a
```

పింగ్ రాలేదని వెంటనే కేబుల్ పీకొద్దు, పింగ్‌ని ఫైర్‌వాల్ కూడా ఆపుతుంది. arp లిస్ట్‌లో 192.168.1.11 పక్కన మ్యాక్ అడ్రస్ వస్తే కేబుల్, స్విచ్ ఓకే. తర్వాత గేమ్ కన్సోల్‌లో:

```
connect 192.168.1.11:27015
```

ఇలా లోపలికి వెళ్లగలిగితే నెట్‌వర్క్‌లో లోపం లేదు, లిస్ట్ నింపే బ్రాడ్‌కాస్ట్ మాత్రమే దారి తప్పుతోంది. మా సెంటర్‌లో ఇదే జరిగింది, ఆ సిస్టమ్స్‌లో ఎవరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ వేసి వదిలేశారు, దాని ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డ్ మీదుగా గేమ్ "ఎవరైనా ఉన్నారా" అని అరుస్తోంది, అటువైపు వినేవాడు ఎవడూ లేడు. ncpa.cpl తెరిచి ఈథర్నెట్ తప్ప మిగతావి, వైఫైతో సహా, డిసేబుల్ చేసి గేమ్ మళ్లీ ఓపెన్ చేస్తే లిస్ట్ వచ్చేసింది.

అయినా రాకపోతే wf.msc లో Inbound Rules చూడండి. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు ఫైర్‌వాల్ అడిగితే మనోళ్లు చదవకుండా క్యాన్సిల్ కొడతారు, అప్పుడు hl.exe పేరుతో ఎర్ర గుర్తు ఉన్న బ్లాక్ రూల్ పడుతుంది. అది ఉండగా మీరు పక్కన అలౌ రూల్ పెట్టినా బ్లాక్‌దే పైచేయి, ముందు దాన్ని డిలీట్ చేయాలి.

శనివారం టైమ్ లేకపోతే లిస్ట్ సంగతి వదిలేసి ఆ connect లైన్ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి, అందరూ అదే కొట్టుకుని వస్తారు. హోస్ట్‌లో పాత సర్వర్ క్లోజ్ అవ్వకుండా ఇంకోటి స్టార్ట్ చేస్తే పోర్ట్ 27016 అయిపోవచ్చు, అది మాత్రం చూసుకోండి.