ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే డీఈవోకు ఏమని రాయాలి?

ప్రశ్న: మా పాప ప్రొద్దుటూరులో ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి అయిపోయింది. జెడ్పీ హైస్కూల్లో చేర్పిద్దామంటే, బాకీ కడితేనే టీసీ అంటున్నారు. డీఈవోకు లెటర్ ఎలా రాయాలి?

జవాబు: రెండేళ్ల కిందట అనంతపురంలో మావాడు ఏడో తరగతి అయిపోయినప్పుడు నాకూ ఇదే గొడవ. బాకీ 14,500. మొదటి లెటర్ మూడు పేజీలు రాశాను. లారీ రిపేరు, మా ఆవిడ ఆపరేషన్, స్కూల్లో నన్ను నిలబెట్టి మాట్లాడిన తీరు, అన్నీ పెట్టాను. డీఈవో ఆఫీసులో గుమాస్తా ఒక పేజీ కూడా చదవలేదు. "టీసీ కావాలని హెడ్‌మాస్టర్‌కు రాసిచ్చినారా? ఆ కాపీ ఏదీ?" అన్నాడు. నేను నోటితో అడిగానే గానీ రాసివ్వలేదు.

కాబట్టి ముందు స్కూలుకు అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. మా స్కూల్లో అర్జీ తీసుకోం అన్నారు. అదే రోజు అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టులో పంపితే, నాలుగు రోజులకు కార్డు స్కూలు ముద్రతో తిరిగొచ్చింది. దాన్నే డీఈవో లెటర్‌కు జతచేశాను. రెండో లెటర్ అర పేజీ:

"మా కుమారుణ్ణి ప్రభుత్వ పాఠశాలలో చేర్పించేందుకు టీసీ కోరుతూ ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చాను. ఫీజు బాకీ ఉందని ఇవ్వలేదు. బాకీ 14,500ను కాదనడం లేదు, నెలకు 2,000 చొప్పున కడతాను. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 5(3) ప్రకారం టీసీ వెంటనే ఇప్పించి, యూడైస్‌లో బాబు వివరాలను కొత్త పాఠశాలకు మార్పించగలరు."

చివరి మాట జెడ్పీ స్కూలు సార్ చెబితే చేర్చాను. యూడైస్ అనే ఆన్‌లైన్ రికార్డులో పాత స్కూలు పిల్లవాణ్ణి వదిలితేనే కొత్త స్కూల్లో పేరు ఎక్కుతుందట. ఇక బాకీ సంగతి. ఒప్పుకుంటే ఇరుక్కుంటావని మా బావమరిది భయపెట్టాడు. నాకైతే దాచకపోవడమే మేలయింది. ఫీజు వసూలు వేరే సంగతి, టీసీ వేరే అని చదివేవాళ్లకు తేలిపోతుంది. లెక్కలో తేడా ఉంటే మాత్రం ఒప్పుకోకండి, రసీదుల జిరాక్సులు పెట్టండి.

ఒక్క జాగ్రత్త. ఈ సెక్షన్ ఎనిమిదో తరగతి వరకు, అదీ ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లకు మారేటప్పుడే. ఇంకో ప్రైవేటు స్కూలుకు మారుతుంటే దీన్ని రాయకండి. మీ పాపకైతే సరిగ్గా సరిపోతుంది. టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదని కూడా అందులోనే ఉంది, కాబట్టి ఆధార్, ప్రోగ్రెస్ కార్డు తీసుకుని ఇప్పుడే జెడ్పీ స్కూలుకు వెళ్లండి.

లెటర్ ఇన్‌వార్డ్‌లో ఇచ్చి నంబరు రాయించుకోండి, ఒక కాపీ ఎంఈవోకు ఇవ్వండి. మాకు పదకొండో రోజు ఎంఈవో ఆఫీసు నుంచి స్కూలుకు ఫోన్ పోయింది. టీసీ చేతికి రాగానే రిమార్క్స్ గడి చూడండి. మా దాంట్లో ఎర్ర ఇంకుతో "ఫీజు బాకీ" అని రాసిచ్చారు. అక్కడే నిలబడి, వేరే కాగితం మీద మళ్లీ రాయించుకుని వచ్చాను.