అద్దె కాదు, వడ్డీ అడగండి

ప్రశ్న: 2021లో హైదరాబాద్‌లో 1,400 చదరపు అడుగుల ఫ్లాట్ తీసుకున్నాం. ధర 68 లక్షలు. బ్యాంకు లోన్‌తో కలిపి 60 లక్షలు కట్టేశాం. ఆరు నెలల గ్రేస్ పీరియడ్ కలుపుకొని 2024 జూన్ 30లోపు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో ఉంది. 20 నెలలు దాటింది, ఇంకా ఇవ్వలేదు. ఒకపక్క ఈఎంఐ, ఇంకోపక్క నెలకు 22,000 అద్దె. బిల్డర్‌ని అడిగితే అగ్రిమెంట్ ప్రకారం అడుగుకు 5 రూపాయల చొప్పున ఇస్తామంటున్నారు. కట్టిన అద్దె మొత్తం రాబట్టుకోవచ్చా?

జవాబు: అద్దె రసీదులు జాగ్రత్తగా దాచుకోండి. కానీ మీ క్లెయిమ్‌కి వాటిని ఆధారం చేసుకోకండి. అలా చేస్తే మీకు రావాల్సిన దాంట్లో సగం కూడా అడిగినట్టు కాదు.

బిల్డర్ చెప్పిన లెక్క చూద్దాం. 1,400 అడుగులకు అడుగుకు 5 రూపాయలంటే నెలకు 7,000. మీరు కడుతున్న అద్దె 22,000. రెండూ పక్కపక్కన పెట్టుకుని, తేడా 15,000 ఇప్పిస్తే చాలనుకుంటారు చాలామంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా అసలు ఈ దారిలోనే వెళ్లదు. ఫ్లాట్ వదులుకోకుండా ఎదురుచూసే కొనుగోలుదారుకి, ఆలస్యమైన ప్రతి నెలకూ, కట్టిన డబ్బు మీద వడ్డీ ఇవ్వాలని 18వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణ రూల్స్‌లో ఆ రేటు, స్టేట్ బ్యాంక్ తన అప్పుల వడ్డీకి ప్రాతిపదికగా పెట్టుకునే ఎంసీఎల్‌ఆర్ రేట్లలో అత్యధికం మీద 2 శాతం ఎక్కువ. ఈమధ్య ఇది 11 శాతానికి కొంచెం అటూ ఇటూగా ఉంటోంది.

లెక్క తేలిగ్గా ఉండటానికి 10.8 శాతం అనుకుందాం. 60 లక్షల మీద ఏడాదికి 6.48 లక్షలు, అంటే నెలకు 54,000. 20 నెలలకు 10.8 లక్షలు. ఇదే 20 నెలలకు మీరు కట్టిన అద్దె 4.4 లక్షలు, బిల్డర్ ఇస్తానంటున్నది 1.4 లక్షలు. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని బిల్డర్ ఆఫీసుకి వెళ్లండి, మాటల తీరు మారుతుంది. ఒక్క జాగ్రత్త: 60 లక్షల్లో ఏదైనా వాయిదా 2024 జూన్ తర్వాత కట్టి ఉంటే, దాని మీద వడ్డీ కట్టిన రోజు నుంచే లెక్కవుతుంది. బ్యాంకు నేరుగా బిల్డర్‌కి ఇచ్చిన డబ్బు కూడా మీరు కట్టినదే.

ఈ వడ్డీ మీద అద్దె కూడా అదనంగా వస్తుందా? దీన్ని నమ్ముకోవద్దంటాను. ఒకే ఆలస్యానికి రకరకాల పద్దుల కింద పరిహారం కలుపుకుంటూ పోవడం సరికాదని సుప్రీంకోర్టు 2019లో ఒక ఫ్లాట్ల కేసులో చెప్పింది. వడ్డీ ఇప్పించాక, కొన్నవాళ్ల హోమ్ లోన్ వడ్డీని కూడా బిల్డర్ మీద వేయడం కుదరదని 2025లో మరో కేసులో చెప్పింది. అద్దె వాదనకూ ఇదే అడ్డం వస్తుంది. మీ డబ్బు ఇరుక్కుపోయి ఇల్లు చేతికి రాకపోవడం వల్ల జరిగిన నష్టానికే కదా ఆ వడ్డీ, మళ్లీ అద్దె ఎందుకంటారు. ప్రయత్నించాలనుకుంటే దాని దారి వేరు. వడ్డీ కోసం రెరా అథారిటీకి ఫారం ఎంలో ఫిర్యాదు చేయాలి. అద్దె, మానసిక వేదన లాంటి పరిహారం తేల్చేది అడ్జుడికేటింగ్ ఆఫీసర్, దానికి ఫారం ఎన్. రెండూ ఒకే కాగితంలో కలిపేసి, పరిహారం భాగం తమ పరిధిలోకి రాదని అనిపించుకునేవాళ్లు తరచూ కనిపిస్తారు. నేనైతే ముందు ఎం వేసి, వడ్డీ ఆర్డర్ చేతికి వచ్చాకే ఎన్ సంగతి చూస్తాను.

అడుగుకు 5 రూపాయల షరతు మీద సంతకం పెట్టాం కదా అని భయపడకండి. బెంగళూరులో ఒక ప్రాజెక్టు విషయంలో సరిగ్గా ఇదే 5 రూపాయల షరతు 2020లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కొన్నవాళ్లు ఆలస్యం చేస్తే భారీ వడ్డీ, బిల్డర్ ఆలస్యం చేస్తే నామమాత్రపు సొమ్ము అన్న ఆ అగ్రిమెంట్‌ని కోర్టు ఏకపక్షమని తేల్చింది. 5 రూపాయలకు అదనంగా ఏటా 6 శాతం ఇప్పించింది. అది వినియోగదారుల కమిషన్ నుంచి వెళ్లిన కేసు, అందుకే 6 శాతం. రెరాలో రేటు రూల్స్‌లోనే రాసి ఉంది కాబట్టి మీకు ఆ దారే లాభం.

ఇక బిల్డర్ చెప్పబోయే రెండు మాటలు. మొదటిది, ‘రెరాలో ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాం, కొత్త తేదీ అది’. ఆ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కి సంబంధించింది, మీతో చేసుకున్న అగ్రిమెంట్‌లో తేదీని అది మార్చదు. రెండోది, లేబర్ దొరకలేదు, ఇసుక రాలేదు, కోవిడ్ వచ్చింది. చట్టం ఒప్పుకునే కారణాలు యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి విపత్తులు. ఇసుక కొరత అందులో లేదు. కోవిడ్ అంటారా, అది వచ్చాకే కదా మీరు 2021లో సంతకం చేసింది.

మీరు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మాత్రం తాళాలిచ్చే రోజున. కిందటేడాది ఒక జంట నా దగ్గరికి వచ్చారు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతోందని, బిల్డర్ ఆఫీసులో పెట్టిన నాలుగు పేజీల పొసెషన్ లెటర్ మీద చదవకుండానే సంతకాలు పెట్టారు. మూడో పేజీలో చిన్న అక్షరాలతో ‘ఆలస్యం విషయంలో నాకు ఎలాంటి క్లెయిమ్ లేదు’ అని ఉంది. అలాంటి సంతకంతో హక్కు పోయినట్టేనని తేల్చేయలేం, కానీ అది బలవంతంగా చేయించిందని నిరూపించుకునే భారం ఇప్పుడు వాళ్లది.

అందుకని తాళాలిస్తామనగానే ముందు ఓసీ కాపీ అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా ‘ఇంటీరియర్స్ చేయించుకోండి’ అని ఇచ్చే తాళాలు పొసెషన్ కిందికి రావు, అప్పటిదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఓసీ వచ్చాక మాత్రం రెండు నెలల్లో ఫ్లాట్ తీసుకోవాల్సిన బాధ్యత మీది.

ఆర్డర్ వచ్చినంత మాత్రాన డబ్బు చేతిలో పడదు. బిల్డర్ కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయాలి, అది నెమ్మదిగా సాగే పని. కాబట్టి మీ చేతిలో ఉన్న ఆయుధం ఇంకా కట్టాల్సిన 8 లక్షలు. దాన్ని మీ అంతట మీరు ఆపేయకండి. వాయిదా ఎగ్గొడితే అదే రేటున మీరూ వడ్డీ కట్టాలి. ‘నాకు రావాల్సిన 10.8 లక్షల్లో చివరి వాయిదా 8 లక్షలు సర్దుబాటు చేసి, మిగతా 2.8 లక్షలు ఇవ్వండి’ అని ఈమెయిల్ పెట్టండి. నెల నెలా 54,000 పెరుగుతోందనీ రాయండి. జవాబు రాకపోయినా, ‘కాదు’ అని వచ్చినా, ఆ ఈమెయిల్‌ని ఫారం ఎంకి జత చేయండి. ఆ సర్దుబాటునే ఫిర్యాదులో కూడా అడగండి.