క్లౌడ్‌లో తొలి సర్టిఫికేషన్: కాంప్‌టియా క్లౌడ్ ప్లస్ రాయాలా, ఏడబ్ల్యూఎస్ రాయాలా?

"బీటెక్ అయిపోయింది, క్లౌడ్‌లోకి వెళ్దామనుకుంటున్నా. ఒకరేమో క్లౌడ్ ప్లస్ చెయ్యి, ఏ కంపెనీకైనా పనికొస్తుంది అంటున్నారు. ఇంకొకరు నేరుగా ఏడబ్ల్యూఎస్ రాయమంటున్నారు. ఒక్క పరీక్షకే డబ్బులున్నాయి. ఏది రాయాలి?"

ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ (SAA-C03) రాయండి. కానీ దాని పుస్తకం తెరిచేముందు నెట్‌వర్కింగ్, లినక్స్ బేసిక్స్ నేర్చుకోండి. ఫీజు ఒక కంపెనీ సర్టిఫికెట్‌కి కట్టండి. మొదటి నెలల చదువు మాత్రం ఏ క్లౌడ్‌లోనైనా మారని విషయాల మీద పెట్టండి.

నేను హైదరాబాద్‌లో క్లౌడ్ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను, ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. మా దగ్గరికొచ్చే రెజ్యూమెల్లో హెచ్ఆర్ వాళ్ళు ముందు వెతికేది ఏడబ్ల్యూఎస్ లేదా అజూర్ అన్న పేరే. క్లౌడ్ ప్లస్ చెడ్డదని కాదు. అది రెండు మూడేళ్ళు సిస్టమ్స్ అడ్మిన్ పని చేసినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన పరీక్ష. 'ఏ కంపెనీకీ చెందనిది' అంటే 'బిగినర్లది' అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు.

ఇక ఇంటర్వ్యూ సంగతి. మేం తరచూ అడిగే ప్రశ్న ఇది: పబ్లిక్ సబ్‌నెట్‌లో ఒక ఈసీ2 మెషిన్ ఉంది, అందులో ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్ నడుస్తోంది, సెక్యూరిటీ గ్రూప్‌లో 80 పోర్టు తెరిచే ఉంది. అయినా బ్రౌజర్‌లో పేజీ రావట్లేదు. ఎక్కడ వెతుకుతారు?

సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ సర్వీసుల పేర్లు వల్లె వేయడం మొదలుపెడతారు. నాకు కావాల్సింది మొదటి అడుగు:

```
curl -v http://<public-ip>
```

"Connection refused" వస్తే ప్యాకెట్ మెషిన్ దాకా వెళ్ళినట్టే లెక్క, సాధారణంగా అక్కడ ఆ పోర్టులో వినేవాళ్ళు లేరు. లోపలికెళ్ళి `sudo ss -tlnp` చూడాలి. అలా కాకుండా చాలాసేపు ఆగి "timed out" వస్తే దారిలో ఎక్కడో ప్యాకెట్‌ని పడేస్తున్నారు. అప్పుడు రూట్ టేబుల్, ఫైర్‌వాల్ చూడాలి. ఇదంతా టీసీపీ జ్ఞానం, ఏ క్లౌడ్‌లోనైనా ఒకటే.

మేమిచ్చే కేసులో టైమ్ అవుట్ వస్తుంది. రూట్ టేబుల్ సరిగ్గానే ఇంటర్నెట్ గేట్‌వేకి వెళ్తోంది. దోషం సబ్‌నెట్‌కి తగిలించిన నెట్‌వర్క్ ఏసీఎల్‌లో ఉంది. అందులో లోపలికి 80, బయటికి కూడా 80 మాత్రమే అనుమతించారు. కానీ సర్వర్ జవాబు వెళ్ళేది బ్రౌజర్ తెరిచిన 51514 లాంటి పెద్ద పోర్టుకి. సెక్యూరిటీ గ్రూప్ కనెక్షన్‌ని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి జవాబుని తానే వదులుతుంది. ఏసీఎల్ గుర్తుపెట్టుకోదు. బయటికి 1024-65535 తెరిస్తే పేజీ వచ్చేస్తుంది.

ఈ చివరి ముక్క మాత్రం ఏడబ్ల్యూఎస్‌ది. అజూర్‌లో ఎన్ఎస్‌జీ అనే నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్‌ని సబ్‌నెట్‌కి తగిలించినా అది కనెక్షన్‌ని గుర్తుపెట్టుకుంటుంది, అందుకని ఈ తప్పు అక్కడ ఈ రూపంలో రాదు. చూశారా, ఒకే సమస్యలో మొదటి సగం ఎవరిదీ కాదు, రెండో సగం ఒక కంపెనీది. ఇంటర్వ్యూలో రెండూ కావాలి. మొదటి సగానికి పరీక్ష రాయక్కర్లేదు, కాంప్‌టియా వాళ్ళదే అయిన నెట్‌వర్క్ ప్లస్ సిలబస్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని చదువుకునే పట్టికలా వాడుకుంటే చాలు.

ఈ ల్యాబ్‌ని మీరే కట్టండి. ముందు పేజీ వచ్చేలా చేసి, తర్వాత కావాలని పాడుచేసి, మళ్ళీ బాగుచేయండి. దీనికి నాట్ గేట్‌వే అవసరం లేదు, పెట్టకండి. వాడినా వాడకపోయినా గంటల లెక్కన బిల్లు పడుతూనే ఉంటుంది. అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి.

డబ్బులు తక్కువన్నారు కాబట్టి 100 డాలర్ల క్లౌడ్ ప్రాక్టీషనర్‌ని వదిలేసి నేరుగా 150 డాలర్ల అసోసియేట్‌కి వెళ్ళండి. మొదటిది సేల్స్, మేనేజ్‌మెంట్ వాళ్ళకి కూడా ఉద్దేశించిన పరిచయ పరీక్ష, టెక్నికల్ ఉద్యోగానికి దాని బరువు తక్కువ. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది.

ఒక్క సందర్భంలో నా సలహా మారుతుంది. మీరు చేరబోయే చోట అజూర్ వాడుతున్నారని ముందే తెలిస్తే అజూర్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష AZ-104 రాయండి. అది ఏడాదికే అయిపోతుంది కానీ ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. కంపెనీలతో సంబంధం లేని సర్టిఫికెట్లలో నేను నిజంగా గౌరవించేది కుబెర్నెటీస్ వాళ్ళ సీకేఏ. అందులో ఆప్షన్లుండవు, రెండు గంటలు టెర్మినల్‌లో పని చేసి చూపించాలి. దాన్ని ఉద్యోగంలో చేరాక, కంటైనర్లు చేతిలో ఆడాక రాయండి. చాలా కంపెనీలు అప్పుడు ఫీజు కూడా ఇస్తాయి.