విదేశీ గ్రాంటు బడ్జెట్‌లో మారకపు రేటు

“దాత 60,000 యూరోలు మూడు సమాన విడతల్లో ఇస్తామన్నారు. నెట్‌లో చూసి యూరోకు 90 రూపాయలని బడ్జెట్ వేశాను. మొదటి విడతకు 17,64,000 రూపాయలే జమయ్యాయి. ఇప్పుడేం చేయాలి?”

మీకు అందిన రేటు 88.20. నెట్‌లో కనిపించేది సాధారణంగా కొనుగోలు, అమ్మకం రేట్లకు నడిమి రేటు కాగా, బ్యాంకు మాత్రం విదేశాల నుంచి వచ్చిన సొమ్మును మార్చిన రోజునాటి తన టీటీ బయింగ్ రేటుకే, అంటే విదేశీ కరెన్సీని తాను కొనే రేటుకే లెక్కగడుతుంది. అందువల్ల మిగిలిన రెండు విడతలకు ఆ రేటునే ఆధారం చేసుకుని, అందులోనూ రెండు మూడు శాతం తగ్గించి అంచనా వేయండి. తగ్గిన 36,000 రూపాయలను జీతాల్లో కోయకుండా, ఇంకా ఆర్డరు ఇవ్వని కొనుగోళ్లలో సర్దడం మేలని నా అభిప్రాయం.

ఖర్చును యూరోల్లో చూపేటప్పుడు బడ్జెట్ రేటు వాడకండి. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఒప్పందంలో వేరే పద్ధతి లేకపోతే, సగటు రేటు వాడేందుకు దాత అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. ఉదాహరణకు, రెండో విడత 89.40 చొప్పున 17,88,000 వస్తే, మొత్తం 35,52,000 రూపాయలను 40,000తో భాగించగా సగటు 88.80 అవుతుంది. అప్పటికి 20,00,000 ఖర్చయితే నివేదికలో 22,522.52 యూరోలు చూపాలి. 90తో భాగిస్తే 22,222.22 మాత్రమే వస్తుంది. ఆ 300 యూరోల తేడా ఖర్చు కాని నిధిగా కనబడి, దాత వెనక్కి అడిగే అవకాశం ఉంది.

ప్రతి విడతకూ బ్యాంకు ఇచ్చే విదేశీ జమ పత్రాన్ని భద్రపరచండి, ఆడిటరు మొదట అడిగేది దాన్నే.