మిగిలిన నిద్రమాత్రలు ఇంట్లో ఎక్కడ పెట్టాలి, ఎలా పారేయాలి?

"తాతగారికి రాసిన ఆల్ప్రజోలమ్ సగం స్ట్రిప్ మిగిలింది. ఇంట్లో మూడేళ్ల పాప, బీపీ మాత్రలు వేసుకునే నానమ్మ ఉన్నారు. ఏం చేయాలి?"

డాక్టర్ ఆపేయమన్నారా? అయితే ఇవాళే తీసేయండి. ఇంకా వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకూడదు. రోజూ వేసుకునేవారు హఠాత్తుగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు.

అప్పటిదాకా బీరువా లాకర్లో, స్ట్రిప్‌లోనే ఉంచండి. ఫ్రిజ్ మీద పెడితే చాలదు, పాప కుర్చీ ఎక్కుతుంది. బీపీ మాత్రల డబ్బాలో అసలు వద్దు. కత్తిరించిన స్ట్రిప్ మీద పేరుండదు, చీకట్లో నానమ్మ ఏది తీసిందో ఆమెకే తెలియదు. పొరపాటున వేసుకుంటే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడిపోతారు, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ నడవడం కష్టం.

పాత మందులు తీసుకునే మెడికల్ షాపు దగ్గర్లో ఉంటే అక్కడ ఇవ్వండి. లేదంటే మాత్రలు స్ట్రిప్ నుంచి తీసి, వాడేసిన తడి టీ పొడిలో కలిపి, కవర్లో గట్టిగా మూట కట్టి, చెత్తబండి వచ్చినప్పుడే నేరుగా ఇవ్వండి. ఖాళీ స్ట్రిప్ విడిగా వేయండి.

పాప మింగిందని అనుమానమొస్తే, మత్తుగా తూలుతున్నా లేకున్నా, వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.