అబ్సల్యూట్ ఎన్‌కోడర్‌కు మారితే సర్వో వణుకు పోతుందా?

ప్రశ్న: ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ ఉన్న సర్వో మోటార్ తక్కువ స్పీడ్‌లో వణుకుతోంది. అబ్సల్యూట్ ఎన్‌కోడర్ పెడితే తగ్గుతుందా?

అబ్సల్యూట్ అయినంత మాత్రాన తగ్గదు. వణుకును ప్రభావితం చేసేది రిజల్యూషన్, సిగ్నల్ నాణ్యత. అబ్సల్యూట్ రకం కరెంటు రాగానే షాఫ్ట్ ఏ కోణంలో ఉందో చెబుతుంది. ఇంక్రిమెంటల్ పల్సులు మాత్రమే ఇస్తుంది కాబట్టి, పవర్ పోయినప్పుడల్లా మళ్లీ హోమింగ్ చేయాలి. తేడా ప్రధానంగా అంతే.

డ్రైవ్ చాలాసార్లు స్పీడ్‌ను నేరుగా కొలవదు, పొజిషన్ ఎంత మారిందో చూసి లెక్కగడుతుంది. 2500 లైన్ల ఎన్‌కోడర్ నాలుగు రెట్లు లెక్కింపుతో చుట్టుకు 10,000 కౌంట్లు ఇస్తుంది. లూప్ 1 మిల్లీసెకనుకోసారి చదివితే, ఒక్క కౌంటు తేడా అంటే నిమిషానికి 6 చుట్ల స్పీడ్. మోటార్ నిజంగా 3 చుట్లతో నిలకడగా తిరుగుతున్నా డ్రైవ్‌కు ఒకసారి 0, మరోసారి 6 కనిపిస్తుంది. గెయిన్ ఎక్కువుంటే అది టార్క్‌ను అలాగే అటూఇటూ గుంజుతుంది. ఫిల్టర్ పెడితే మెత్తబడుతుంది గానీ, ఆలస్యం పెరిగి గెయిన్ తగ్గించాల్సి వస్తుంది.

సైన్-కొసైన్ ఎన్‌కోడర్‌లో ఒక్కో పీరియడ్‌ను ఇంటర్‌పొలేషన్‌తో వందల భాగాలు చేస్తారు, మెట్లు బాగా చిన్నవవుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు: కౌంట్లు పెరిగితే కచ్చితత్వమూ పెరిగిందనుకుంటారు. రెండు సిగ్నళ్లలో ఆఫ్‌సెట్ ఉంటే తప్పు ప్రతి పీరియడ్‌లోనూ తిరిగి వస్తుంది. 2048 పీరియడ్ల ఎన్‌కోడర్‌పై, అదే 3 చుట్ల దగ్గర, అది సుమారు 102 హెర్ట్జ్ అలగా కనిపిస్తుంది. స్పీడ్ రెట్టింపు చేసినప్పుడు ఆ ఫ్రీక్వెన్సీ కూడా రెట్టింపైతే, ముందు అనుమానించాల్సింది ఇంటర్‌పొలేషన్‌నే.