కాథెటర్ స్టేషన్: నోటితో సాధన ఎలా చేశాను

ప్రశ్న: మా వైద్య విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్ష ఆస్కీలో కుట్లు, ఇంజెక్షన్, మూత్రం తీసే గొట్టమైన కాథెటర్ స్టేషన్లు ఉన్నాయి. చెక్‌లిస్టు కంఠతా వచ్చు. బొమ్మ ముందు నిలబడగానే ఏదో ఒక మెట్టు జారిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: కాథెటర్ సంగతే చెబుతాను, నేను దెబ్బ తిన్నది అక్కడే. మాక్ పరీక్షలో అన్నీ చెప్పుకుంటూ వెళ్ళి, బ్యాగు తగిలించి, చేతి తొడుగులు తీసేశాను. "రేపటికి ఈయనకు ఏమవుతుంది?" అని అడిగారు మేడమ్. శుభ్రం చేసేటప్పుడు వెనక్కి లాగిన ముందోలును తిరిగి ముందుకు తేలేదు. అలాగే వదిలేస్తే అది బిగుసుకుని వాపు వస్తుంది, పారాఫైమోసిస్.

ఆ తర్వాత హాస్టల్లో స్నేహితురాలితో సాధన మార్చాను. నేను చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాలి, తను సరిగ్గా నేను చెప్పిందే చేయాలి, చెప్పనిది చేయకూడదు. మొదటి రోజు "కాథెటర్ లోపలికి పంపుతున్నాను" అన్నాను. తను అప్పటిదాకా అంగాన్ని పట్టుకున్న చేత్తోనే కాథెటర్ అందుకుంది. "ఏ చేత్తోనో నువ్వు చెప్పలేదుగా!" అంది. నా చెక్‌లిస్టులో పని ఉంది, చేయి లేదు. అప్పటి నుంచి వాక్యం ఇలా మారింది: "ఎడమ చేత్తో గాజ్ గుడ్డ వేసి పట్టుకున్నాను. ఇక ఈ చేయి శుభ్రమైనది కాదు, ఇక్కడే ఉంటుంది. ట్రేలోకి వెళ్ళేది కుడి చేయి మాత్రమే."

కాథెటర్‌ను మూత్రాశయంలో జారిపోకుండా నిలిపే బెలూన్ దగ్గర మూడు మాటలు వరుస తప్పకుండా పలకాలి: "మూత్రం వస్తోంది. కాథెటర్‌ను రెండు పాయలుగా చీలే చోటు వరకు పంపాను. ఇప్పుడు 10 మి.లీ. స్టెరైల్ నీరు ఎక్కిస్తూ ఆయన ముఖం చూస్తున్నాను, నొప్పి ఉందా అని అడుగుతున్నాను." మూత్రం రాకముందే బెలూన్ నింపితే అది మూత్రనాళంలోనే ఉబ్బి గాయం చేయవచ్చు. కాథెటర్ మొత్తం వెళ్ళినా మూత్రం రాకపోతే జెల్ రంధ్రాన్ని మూసి ఉండవచ్చు. కాసేపు ఆగండి, పొత్తికడుపు మీద మెల్లగా నొక్కి చూడండి. అప్పటికీ రాకపోతే బెలూన్ నింపకుండా సీనియర్‌ను పిలుస్తానని గట్టిగా చెప్పండి.

మాట చేతికన్నా అర క్షణం ముందుండాలి. పని అయ్యాక చెబితే అది వర్ణన మాత్రమే, మెట్టును గుర్తు చేయదు. మత్తు జెల్ వేశాక "కొన్ని నిమిషాలు ఆగుతాను" అని పైకి అనండి. పరీక్షలో అంతసేపు నిజంగా ఆగలేరు, ఆగాలని మీకు తెలుసని వాళ్ళకు తెలియాలి.

ఇంజెక్షన్‌కూ కుట్లకూ ఇదే పద్ధతి వాడాను. అక్కడ మాత్రం ప్రతి వాక్యంలో చేతితో పాటు సూది ఎక్కడుందో చేర్చాను: "సూదిని వేళ్ళతో తాకను, ఫోర్సెప్స్‌తో అందుకుంటాను", "మూత తిరిగి పెట్టను, నేరుగా షార్ప్స్ డబ్బాలో వేస్తున్నాను."

ముందోలు మాటను చివర విడిగా పెట్టకండి. బ్యాగు తగిలించే వాక్యానికే ముడివేయండి: "ముందోలును యథాస్థానానికి తెచ్చాను, బ్యాగు మూత్రాశయం కన్నా కింద, నేల తగలకుండా వేలాడదీశాను." నాకు ఆ రెండూ ఇప్పటికీ ఒకే ఊపిరిలో వస్తాయి.